ప్రీమియం ఎంతని అడుగుతాం... ఇంటికి వచ్చేదెంతని అడగం!

పత్తి అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజుల్లో ఊళ్లలోకి బీమా ఏజెంట్లు రావడం మామూలే. వచ్చేవాళ్లు ఎక్కువగా తెలిసినవాళ్లే అయి ఉంటారు. దూరపు బంధువో, పక్క ఊరి మాస్టారి కొడుకో. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ మెల్లగా మాట కదుపుతారు. 'అన్నా, ఏడాదికి పదివేలు కడితే చాలు. ఇరవై ఏళ్లకు మూడున్నర లక్షల పైనే వస్తాయి. మధ్యలో ఏదన్నా జరిగినా ఇంటికి డబ్బులు అందుతాయి' అంటారు. రైతు అడిగేది ఒకటే మాట. 'పదివేలు ఎక్కువైతది తమ్ముడూ, ఏడెనిమిది వేలల్లో ఏమన్నా ఉందా?' బేరం ప్రీమియం దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. కాగితం మీద సంతకం పడుతుంది.

'మధ్యలో ఏదన్నా జరిగితే' ఇంటికి ఎంత వస్తుందన్నది మాత్రం ఆ అరుగు మీద ఎవరూ అడగరు. అసలు బీమా తీసుకునేదే ఆ 'ఏదన్నా' కోసం. యజమాని పోయిన ఇంట్లో బీరువా తెరిచి పాలసీ కాగితం తీసి చూస్తే అందులో రెండు లక్షలని ఉంటుంది. ఎరువుల కొట్టు బాకీ, బ్యాంకు అప్పు, చేబదుళ్లు కలిపి మూడున్నర లక్షలు ఉంటాయి. కట్టినన్నాళ్లూ కష్టపడి కట్టిన పాలసీ అప్పులకే చాలదు. ఇక పిల్లల సంగతి ఏమిటి? ఈ పరిస్థితి రాకుండా పాలసీ ఎలా ఎంచుకోవాలో, కాగితంలో ఏ మాటకు ఏమి అర్థమో ఈ వారం చూద్దాం.

ప్రీమియం వేరు, బీమా మొత్తం వేరు

పాలసీ కాగితంలో ముందుగా చూడాల్సినవి రెండు అంకెలు. ఒకటి ప్రీమియం. అంటే మనం కంపెనీకి కట్టేది. రెండోది బీమా మొత్తం. ఏజెంట్లు దీన్నే 'సమ్ అష్యూర్డ్' అంటారు. పాలసీ నడుస్తుండగా మనిషి పోతే కుటుంబానికి కంపెనీ ఇస్తానని కాగితం మీద రాసిచ్చిన మొత్తం అది.

పంటల బీమా కట్టిన రైతుకు ఈ తేడా చెప్పనక్కర లేదు. ఎకరానికి ఇంత ప్రీమియం కడతాం, పంట పోతే ఇంత వరకు పరిహారం వస్తుంది. ఎకరానికి కట్టిన డబ్బు, పంట పోతే వచ్చే డబ్బు ఒకటి కాదని అందరికీ తెలుసు. పంట బాగా పండితే కట్టిన ప్రీమియం తిరిగి రాదనీ తెలుసు. అది ఆ ఏడాది కాపలాకు ఇచ్చిన కూలి లాంటిది. దొంగ రాలేదని కాపలావాడి కూలి వెనక్కి అడగం కదా.

జీవిత బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ లెక్క మరిచిపోతాం. 'కట్టిన డబ్బు తిరిగి రాకపోతే ఎట్లా?' అంటాం. పాలసీల్లో రకాలు పుట్టింది ఈ ప్రశ్న చుట్టూనే.

మూడు రకాలు, మూడు పనులు

టర్మ్ పాలసీ అచ్చం కాపలా కూలి లాంటిది. ఇరవై ఏళ్లకు తీసుకుంటే ఆ ఇరవై ఏళ్లలో మనిషి పోతే బీమా మొత్తం ఇంటికి వస్తుంది. గడువు దాటాక మనిషి క్షేమంగా ఉంటే ఏమీ రాదు. కంపెనీ మీ దగ్గర తీసుకునేది కేవలం ప్రాణాపాయం తాలూకు ఖర్చు. అందుకే తక్కువ ప్రీమియానికి ఎక్కువ బీమా మొత్తం దొరుకుతుంది.

ఎండోమెంట్ పాలసీలో రెండు పనులు కలిపి ఉంటాయి. గడువు లోపల మనిషి పోతే బీమా మొత్తం, అప్పటిదాకా జమైన బోనస్‌తో కలిపి ఇంటికి వస్తుంది. గడువు దాకా బతికి ఉంటే అదే బీమా మొత్తం, బోనస్‌లతో కలిపి మనకే వస్తుంది. అంటే కంపెనీ ఎప్పటికైనా ఆ డబ్బు ఇవ్వక తప్పదు. అందుకని మనం కట్టే ప్రీమియంలో చాలా భాగం పొదుపు కిందికి పోతుంది. ప్రాణానికి రక్షణగా నిలిచేది అందులో చిన్న ముక్క.

హోల్ లైఫ్, అంటే జీవితాంతం పాలసీ. దీనికి ఇరవై ఏళ్లు, పాతికేళ్లు అన్న గడువు ఉండదు. ఎప్పుడు పోయినా వారసులకు డబ్బు వస్తుంది. లేదా పాలసీలో రాసిన పెద్ద వయసు, ఎనభయ్యో వందో, నిండితే మనకే ఇస్తారు. దీని గురించి కాసేపాగి మాట్లాడుకుందాం.

ముందు ఇంటి లెక్క

ఏ పాలసీ మంచిదన్న ప్రశ్న కంటే ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. నేను లేకపోతే నా ఇంటికి ఎంత కావాలి? ఒక ఉదాహరణ తీసుకుందాం.

రైతు వయసు 34. సొంతం రెండున్నర ఎకరాలు, కౌలుకు రెండెకరాలు. ఇంట్లో భార్య, ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఆరేళ్లు. బ్యాంకులో పంట రుణం 1,20,000 రూపాయలు. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది 1,50,000. ఎరువులు, పురుగు మందుల కొట్టులో 80,000. అన్నీ కలిపి 3,50,000 రూపాయలు.

నెలకు ఇంటి ఖర్చు పదివేలు అనుకుందాం. భార్య కూలి డబ్బులు, ఒక గేదె పాలు కలిపితే నెలకు నాలుగు వేలు వస్తాయి. ఇక తక్కువ పడేది ఆరువేలు. ఏడాదికి 72,000. చిన్నవాడు తన కాళ్ల మీద నిలబడటానికి ఇంకో పదిహేనేళ్లు పడుతుంది. పదిహేనేళ్లకు 10,80,000 రూపాయలు. పిల్లల చదువుకో పెళ్లికో విడిగా 1,70,000 వేసుకుందాం. అప్పులతో కలిపితే మొత్తం 16 లక్షలు. ధరలు పెరుగుతాయి, వచ్చిన డబ్బు బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది. ఒకదానికొకటి సరిపెట్టుకుంటాయనుకుని ఆ లెక్కలోకి పోవద్దు.

ఇందులోంచి ఇప్పటికే ఉన్న రక్షణను తీసేయాలి. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమా పథకం కింద పట్టాదారు పాసుపుస్తకం ఉండి 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. దీనికి తోడు బ్యాంకు ఖాతా ద్వారా తీసుకునే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉంటే మరో 2 లక్షలు. అంటే 7 లక్షలు. 16 లక్షల్లోంచి 7 పోతే 9 లక్షలు. ఈ ఇంటికి ఇంకా కావాల్సిన బీమా మొత్తం అదన్నమాట. చిల్లర లేకుండా 10 లక్షలు అనుకుందాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. రైతు బీమా సొంత పట్టా భూమి ఉన్నవాళ్లకే. పూర్తిగా కౌలు మీద బతికే రైతు తన లెక్కలోంచి ఆ 5 లక్షలు తీసేయకూడదు. ఆయనకు 14 లక్షల లోటు ఉంటుంది. ఆ పథకం లేని చోట ఉండే రైతులదీ ఇదే లెక్క. పట్టా ఉన్నవాళ్లు కూడా తమ పేరు జాబితాలో ఉందో లేదో, నామినీ పేరు సరిగా ఉందో లేదో వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర ఒకసారి చూసుకోవాలి.

అదే పదివేలతో రెండు దారులు

ఇప్పుడు ఏజెంటు చెప్పిన పాలసీ దగ్గరికి వద్దాం. ఇరవై ఏళ్ల ఎండోమెంట్‌కు ఈ వయసులో బీమా మొత్తం ప్రతి వేయి రూపాయలకు ఏడాదికి దాదాపు 50 రూపాయల ప్రీమియం పడుతుందనుకుందాం. పదివేల ప్రీమియానికి వచ్చే బీమా మొత్తం 2 లక్షలు. కావాల్సింది 10 లక్షలు కాబట్టి అంతా ఎండోమెంట్‌లోనే తీసుకుంటే ఏడాదికి 50,000 కట్టాలి. రెండున్నర ఎకరాల రైతుకు అది అయ్యే పని కాదు. అందుకే కట్టగలిగిన ప్రీమియం చూసి 2 లక్షల దగ్గర ఆగిపోతాం. లోటు లోటుగానే ఉండిపోతుంది.

టర్మ్ పాలసీలో 10 లక్షల బీమా మొత్తానికి, ఇరవై ఏళ్ల గడువుకు, ఏడాదికి 5,000 రూపాయలు అనుకుందాం. వయసు, ఆరోగ్యం, బీడీ, గుట్కా అలవాట్లు, కంపెనీ... వీటిని బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. మీకు పడే అంకె నాలుగైదు చోట్ల అడిగి తెలుసుకోవాలి. మిగిలిన 5,000 పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతాలో వేద్దాం.

ఇక రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆరేళ్లు కట్టాక రైతు చనిపోయాడనుకోండి. ఎండోమెంట్‌లో వేయికి ఏడాదికి 40 రూపాయల బోనస్ లెక్కన 2 లక్షలకు ఏటా 8,000. ఆరేళ్లకు 48,000. ఇంటికి మొత్తం 2,48,000 వస్తుంది. అప్పులు తీర్చడానికే ఇంకో లక్ష తక్కువ. రెండో దారిలో టర్మ్ నుంచి 10 లక్షలు, పీపీఎఫ్‌లో వడ్డీతో కలిపి 38,000 చిల్లర. మొత్తం 10,38,000 పైచిలుకు. అప్పులన్నీ తీరాక ఇంకా ఆరు లక్షల ఎనభై ఎనిమిది వేలు ఆ తల్లి చేతిలో మిగులుతాయి. రైతు బీమా, జీవన్ జ్యోతి డబ్బులు దానికి అదనం.

రైతు ఇరవై ఏళ్లూ క్షేమంగా ఉన్నాడనుకోండి. అందరం కోరుకునేదీ అదే. ఎండోమెంట్‌లో 2 లక్షల బీమా మొత్తం, ఇరవై ఏళ్ల బోనస్ 1,60,000. కలిపి 3,60,000 చేతికొస్తుంది. ఏజెంటు చెప్పింది నిజమే. కట్టింది 2 లక్షలు. ఏడాదికి వడ్డీగా లెక్కేస్తే ఐదుంపావు శాతం కంటే కాస్త ఎక్కువ. రెండో దారిలో టర్మ్ నుంచి ఏమీ రాదు. పీపీఎఫ్‌లో ఏటా 5,000 చొప్పున, 7.1 శాతం వడ్డీ ఇరవై ఏళ్లూ ఉంటే, 2,22,000 దాకా వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి 2025 దాకా ఉన్న రేటు అది. పీపీఎఫ్ గడువు పదిహేనేళ్లు, దాన్ని మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. వడ్డీ రేటును ప్రభుత్వం మార్చవచ్చు, ఎండోమెంట్ బోనస్ కూడా ముందుగా రాసిచ్చేది కాదు, ఏటా ప్రకటించేది. అందుకే రెండూ అంచనాలే.

చూశారా, బతికి ఉంటే ఎండోమెంట్ దారిలో లక్షా ముప్ఫై ఎనిమిది వేలు ఎక్కువ వస్తాయి. ఇది దాచాల్సిన సంగతి కాదు. ఆ డబ్బే ఇరవై ఏళ్ల కాపలా కూలి. అంత వదులుకున్నందుకు ఆ ఇరవై ఏళ్లూ ఇంటికి 2 లక్షల బదులు 10 లక్షల అండ ఉంది. పిల్లలు చిన్నవాళ్లుగా, అప్పులు నెత్తి మీద ఉన్న ఇంటికి ఏది ముఖ్యమో రైతే తేల్చుకోవాలి. మా లెక్క ప్రకారం ముందు టర్మ్, తర్వాతే మిగతావి.

చిన్న రైతుకు టర్మ్ ఇస్తారా?

చాలామందికి ఉండే అనుమానమిది. నిజమే, కొన్ని కంపెనీలు పెద్ద మొత్తాల టర్మ్ పాలసీలకు జీతం కాగితాలు, ఆదాయపు పన్ను కాగితాలు, చదువు అడుగుతాయి. రైతు దగ్గర అవి ఉండవు. ఈ చిక్కు చూసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 జనవరి 1 నుంచి 'సరళ్ జీవన్ బీమా' పేరుతో ఒకే తీరు టర్మ్ పాలసీని అమ్మాలని జీవిత బీమా కంపెనీలను ఆదేశించింది. బీమా మొత్తం 5 లక్షల నుంచి 25 లక్షల దాకా. 18 నుంచి 65 ఏళ్ల వాళ్లు తీసుకోవచ్చు. ఉండే ఊరు, చేసే పని, చదివిన చదువు చూసి కాదనకూడదన్నది ఇందులో నియమం. నిబంధనలు అన్ని కంపెనీల్లో ఒకటే, ప్రీమియం మాత్రం వేరువేరు. కాబట్టి పోల్చుకోవడం తేలిక. మొదటి 45 రోజుల్లో ప్రమాదంలో చనిపోతే తప్ప బీమా మొత్తం రాదు, కట్టిన ప్రీమియం తిరిగి ఇస్తారు. ఏజెంటును పేరు పెట్టి అడగండి. టర్మ్ మీద కమీషన్ రూపాయల్లో తక్కువ కాబట్టి తనంతట తాను చెప్పకపోవచ్చు.

అంత కూడా కట్టలేని వాళ్లకు కనీసం ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఉండాలి. ఇది కూడా టర్మ్ బీమానే. ఏడాదికి 436 రూపాయలు, బీమా మొత్తం 2 లక్షలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు బ్యాంకు లేదా పోస్టాఫీసు పొదుపు ఖాతా ఉన్నవాళ్లు చేరవచ్చు, 55 ఏళ్ల దాకా నడుస్తుంది. జూన్ 1 నుంచి మే 31 దాకా ఏడాది లెక్క. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజులు ప్రమాద మరణానికే వర్తిస్తుంది. మే నెలాఖరులో డబ్బు ఖాతాలోంచి దానంతట అదే కోసుకుంటారు. ఆ రోజు ఖాతాలో 436 రూపాయలు లేకపోతే బీమా ఆగిపోతుంది. విత్తనాలు కొనే హడావుడిలో ఖాతా ఊడ్చేసి, ఈ చిన్న మొత్తం ఉంచకుండా రక్షణ పోగొట్టుకునే వాళ్లు ఉంటారు. ఇద్దరికీ ఖాతాలుంటే భార్య పేరున కూడా తీసుకోండి. ఆమె కష్టం మీద కూడా ఇల్లు నడుస్తోంది.

జీవితాంతం పాలసీ ఎవరికి?

హోల్ లైఫ్ పాలసీకి మన పల్లెల్లో బాగా తెలిసిన రూపం పోస్టాఫీసు వాళ్లది. గ్రామీణులకోసం 1995లో మొదలైన గ్రామీణ తపాలా జీవిత బీమాలో దీని పేరు గ్రామ సురక్ష. 19 నుంచి 55 ఏళ్ల వాళ్లు 10 లక్షల దాకా తీసుకోవచ్చు. ప్రీమియం 55, 58 లేదా 60 ఏళ్ల వయసు దాకా కడితే సరిపోతుంది. ఎనభై ఏళ్లు నిండాక బీమా మొత్తం, బోనస్‌లు మనకే ఇస్తారు. అంతకంటే ముందే పోతే వారసులకు. అదే పోస్టాఫీసులో ఎండోమెంట్ పేరు గ్రామ సంతోష్.

దీంట్లో డబ్బు ఏదో ఒక రోజు తప్పకుండా వస్తుంది. కానీ ఎప్పుడు వస్తుందన్నది చూడండి. 34 ఏళ్ల రైతు ఎనభై దాకా బతికితే అప్పటికి ఇవాళ ఆరేళ్ల కొడుకుకు యాభై దాటుతాయి. పిల్లల చదువుకు, పెళ్లికి ఆ డబ్బు అందదు. నేను ఎప్పుడు పోయినా భార్య చేతికి, లేదా సొంతంగా బతకలేని బిడ్డకు కొంత దక్కాలి అనుకునే వాళ్లకు ఇది పనికొస్తుంది. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో టర్మ్ గడువు తీరిపోయాక కూడా అవసరం తీరదు కదా. అప్పులు, చిన్న పిల్లలు ఉన్న మామూలు ఇంటికి ఇది రెండో పాలసీ కావాలి, మొదటిది కాదు.

అలాగే ఎండోమెంట్ ఎవరికీ వద్దని కాదు. చేతిలో డబ్బు నిలవని మనిషికి, 'కట్టాలి' అన్న బలవంతం లేనిదే పైసా దాచని వాళ్లకు అది పనికొస్తుంది. పీపీఎఫ్‌లో వేస్తానని టర్మ్ తీసుకుని, ఆ ఐదువేలు జాతరకు ఖర్చు పెట్టేస్తే చివరికి చేతిలో ఏమీ ఉండదు. మీ గుణం మీకే తెలుసు. అయితే ఎండోమెంట్ ప్రీమియం ఆగిపోతే నష్టం పెద్దది. పీపీఎఫ్‌లో కరువు ఏడాది 500 వేసి ఊరుకోవచ్చు, పంట పండిన ఏడాది ఎక్కువ వేయవచ్చు. వాన మీద ఆధారపడే వాళ్లకు ఈ వెసులుబాటు చిన్నది కాదు.

ఇప్పటికే పాలసీ ఉంటే?

ఇది చదివి ఎవరూ ఉన్న ఎండోమెంట్‌ను రేపే వదిలేయకండి. ముందు కొత్త టర్మ్ పాలసీ కాగితం చేతికి రానివ్వండి. ఆరోగ్యం బాగా లేక కంపెనీ కాదంటే, పాతది కూడా పోయి రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

కాగితం చేతికొచ్చాక పాతదానికి ప్రీమియం కట్టడం కష్టంగా ఉంటే 'పెయిడప్' చేసుకునే దారి ఉంది. అంటే ఇక కట్టడం ఆపేసి, కట్టినంత మేరకు పాలసీని ఉంచుకోవడం. బీమా మొత్తం మాత్రం తగ్గుతుంది. ఇరవై ప్రీమియాల్లో ఐదు కట్టి ఉంటే 2 లక్షల్లో ఇరవైలో ఐదో వంతు, అంటే 50,000 అవుతుంది. అప్పటిదాకా జమైన ఐదేళ్ల బోనస్ 40,000 దానికి కలుస్తుంది. గడువు తీరాక, లేదా ఈలోగా మనిషి పోతే, 90,000 వస్తుంది. ఇందుకు పాలసీలో రాసినన్ని ఏళ్ల ప్రీమియం పూర్తిగా కట్టి ఉండాలి. పాలసీనే అప్పగించి ఇప్పుడే డబ్బు తీసుకోవడాన్ని సరెండర్ అంటారు. అందులో చేతికొచ్చేది తక్కువ. మొదటి ఏళ్లలోనైతే కట్టినదాంట్లో సగం కూడా రాకపోవచ్చు. ఆఫీసుకు వెళ్లి పెయిడప్ విలువ ఎంత, సరెండర్ విలువ ఎంత, రెండూ కాగితం మీద రాయించుకుని ఇంట్లో కూర్చుని ఆలోచించండి. ఐదారేళ్లలో గడువు తీరే పాలసీ అయితే కష్టమైనా చివరిదాకా కట్టడమే మేలు.

పాలసీ ఆగిపోయే చోటు, డబ్బు ఆగిపోయే చోటు

బీమా కట్టీ ఫలితం దక్కని ఇళ్లలో కారణాలు దాదాపు మూడే ఉంటాయి.

మొదటిది గడువు తేదీ. ప్రీమియం ఏటా పాలసీ మొదలైన నెలలోనే కట్టాలి. జూన్, జులైలో పాలసీ తీసుకుంటే ఏటా విత్తనాలు, ఎరువులు కొనే సమయానికే ప్రీమియం వచ్చి పడుతుంది. చేతిలో రూపాయి ఆడని నెలది. పత్తి రైతు జనవరి, ఫిబ్రవరిలో పాలసీ మొదలుపెట్టుకుంటే ఏటా పంట డబ్బు ఉన్నప్పుడే ప్రీమియం పడుతుంది. మీ పంట ఏ నెలలో అమ్ముడవుతుందో ఆ నెల చూసుకోండి. ఏడాదికోసారి కట్టే పద్ధతే రైతుకు నయం. గడువు తేదీ దాటినా 30 రోజులు వ్యవధి ఇస్తారు. నెలనెలా కట్టే పద్ధతిలో ఆ వ్యవధి 15 రోజులే. టర్మ్ పాలసీ ఆ వ్యవధి కూడా దాటితే ఆగిపోతుంది. మళ్లీ నడిపించుకోవాలంటే ఆరోగ్యం బాగుందని చూపాలి.

రెండోది దరఖాస్తు. ఏజెంటే నింపుతాడు, మనం వేలిముద్ర వేస్తాం. 'బీడీ అలవాటుందా? లేదు. షుగర్ ఉందా? లేదు. ఆపరేషన్ ఏమన్నా? లేదు.' అన్నిటికీ 'లేదు' అని రాస్తే ప్రీమియం తగ్గుతుంది, పాలసీ త్వరగా వస్తుంది. తర్వాత క్లెయిము వచ్చినప్పుడు కంపెనీ ఆస్పత్రి చీటీలు తిరగేస్తుంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలై మూడేళ్లు దాటాక కంపెనీ ఏ కారణంతోనూ దాన్ని కాదనకూడదు. మూడేళ్ల లోపల మాత్రం దాచిన సంగతి బయటపడితే డబ్బు ఆపే హక్కు దానికుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయించండి. నాలుగు వందలు ప్రీమియం ఎక్కువ పడినా ఫరవాలేదు. చదువుకున్న పిల్లల చేత దరఖాస్తు మొత్తం చదివించుకుని ఆ తర్వాతే సంతకం చేయండి. పాలసీ కాగితం అందాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వాపసు ఇచ్చేయవచ్చు. కొద్ది ఖర్చులు మినహాయించుకుని డబ్బు తిరిగి ఇస్తారు. చెప్పింది టర్మ్, వచ్చింది ఎండోమెంట్ అయితే పట్టుకోవాల్సింది ఈ ముప్ఫై రోజుల్లోనే.

మూడోది నామినీ. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో తల్లి పేరో తండ్రి పేరో ఉండిపోతుంది. వాళ్లు కాలం చేసినా మార్చరు. పెళ్లయ్యాక భార్య పేరు రాయించుకోండి. పిల్లల పేరు రాస్తే, వాళ్లకు పద్దెనిమిది నిండేదాకా డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా రాయాలి. ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ, పాలసీలో ఉన్నవి ఒకటేనా అని చూడండి. 'సత్తయ్య' ఒకచోట, 'సత్యనారాయణ' ఇంకోచోట ఉంటే ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ప్రీమియం ఎవరి చేతికి ఇచ్చినా కంపెనీ రసీదు తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ పేరుతో అదనంగా అడిగితే ఇవ్వనక్కర లేదు. క్లెయిము ఆపితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఈసారి ఏజెంటు అరుగు మీద కూర్చున్నప్పుడు ప్రీమియం సంగతి తర్వాత అడగండి. ముందు పిల్లల నోటు పుస్తకంలో ఒక కాగితం చించి మీ అప్పులు, ఇంటి ఖర్చు, చిన్నబిడ్డ వయసు రాయండి. అడుగున వచ్చిన మొత్తం ఆయనకు చూపించి, 'తమ్ముడూ, ఇంత బీమా మొత్తానికి టర్మ్‌లో ఏడాదికి ఎంత పడుతుందో చెప్పు' అనండి. పాలసీ తీసుకున్నాక ఆ కాగితాన్ని పాలసీతో కలిపి భార్యకు చూపించి, ఎక్కడ పెట్టారో చెప్పండి. బీమా ఉన్న సంగతే ఇంట్లో తెలియకపోతే అడిగేవాళ్లు ఉండరు, అడగని డబ్బు ఇంటికి రాదు.